ఆడిట్ పాయింట్ తిరిగి రాకుండా రాసే పద్ధతి

ఆడిట్ రిపోర్టులో "కిరాయి బిల్లుల మీద కంట్రోల్ సరిగా లేదు" అని రాస్తే మేనేజర్ "నోట్ చేసుకున్నాం" అంటాడు, అంతటితో సరి. నేను ఐదు వాక్యాల్లో రాస్తాను. గుంటూరులో మిర్చి ఎగుమతి కంపెనీ అనుకోండి.

జరిగింది: ఏప్రిల్‌లో చూసిన 40 లారీ కిరాయి బిల్లుల్లో 3 రెండుసార్లు చెల్లించారు. ఉండాల్సింది: చెల్లింపు మాన్యువల్ ప్రకారం లారీ రసీదు మీద ఉండే ఎల్ఆర్ నంబరు పాతవాటితో సరిచూశాకే డబ్బు వదలాలి. కారణం: బిల్లు ముందు వాట్సాప్ ఫొటోగా, తర్వాత ఒరిజినల్‌గా వస్తోంది, సాఫ్ట్‌వేర్‌లో ఎల్ఆర్ గడి ఖాళీగా వదిలినా ఎంట్రీ పడిపోతోంది. ప్రభావం: 54,000 రూపాయలు అదనంగా పోయాయి, మిగతా నెలల్లో ఎంతో ఇంకా చూడలేదు. సిఫార్సు: ఆ డబ్బు రాబట్టాలి, ఎల్ఆర్ గడి తప్పనిసరి చేసి, అదే నంబరు మళ్లీ కొడితే ఆగిపోయేలా పెట్టాలి.

ఎక్కువగా చెడేది కారణం దగ్గరే. "క్లర్క్ నిర్లక్ష్యం" అని రాస్తే సిఫార్సు "జాగ్రత్తగా ఉండాలి" అనే వస్తుంది, దాంతో ఏమీ మారదు, అందుకే ఎంట్రీ చేసే మనిషి పక్కన కూర్చుని ఒక బిల్లు కొట్టించి చూడండి.

రాతపూర్వక రూలే లేకపోతే మాత్రం ఇది ఇలాగే కుదరదు, "ఉండాల్సింది" మీ సొంత అభిప్రాయం అయిపోతుంది. అప్పుడు రూలు లేకపోవడాన్నే కారణంగా రాయండి.