ఆఫీసు మెయిళ్లు రాద్దాం – 7వ పాఠం: దారి తప్పిన మెయిల్‌ని డిలీట్ చేయమని అడగడం

గత పాఠంలో ఆలస్యానికి క్షమాపణ చెబుతూ మెయిల్ రాశాం. ఈసారి ఇంకాస్త ఇరుకైన పరిస్థితి. రహస్యంగా ఉండాల్సిన మెయిల్ ఒకటి వేరే మనిషికి వెళ్లిపోయింది. దాన్ని తీసేయమని ఆయన్ని అడగాలి.

ఒక కేసు తీసుకుందాం. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ. జీతాలు చూసే ఉద్యోగి నవంబర్ జీతాల షీటు ఆడిటర్‌కి పంపాలి. 42 మంది పేర్లు, జీతాలు, పాన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు అన్నీ అందులో ఉన్నాయి. అడ్రసు పెట్టెలో మొదటి నాలుగు అక్షరాలు కొట్టగానే అదే పేరున్న ఇంకొకాయన అడ్రసు వచ్చి కూర్చుంది. ఆయన ఎప్పుడో ఆఫీసుకి కుర్చీలు సప్లై చేసిన వ్యాపారి. మెయిల్ వెళ్లింది 11:10కి. 11:40కి ఆడిటర్ ఫోన్ చేసి “షీటు ఇంకా రాలేదండీ” అంటే గానీ విషయం తెలియలేదు.

రాయడానికి ముందు రెండు పనులున్నాయి. మొదటిది, వెనక్కి లాగే వీలుందేమో చూడటం. జీమెయిల్‌లో అన్‌డూ గడువు ఎంత పెంచుకున్నా 30 సెకన్లే. అవుట్‌లుక్‌లో రీకాల్ అనేది ఇద్దరూ ఒకే సంస్థ మెయిల్ వాడుతుంటేనే పనిచేస్తుంది, బయటివాళ్ల జీమెయిల్‌కి వెళ్లినదాన్ని అది వెనక్కి తేలేదు. ఫైల్‌కి బదులు డ్రైవ్ లింకు పంపి ఉంటే మాత్రం అదృష్టమే, ముందు యాక్సెస్ తీసేయండి, తర్వాత మెయిల్ రాయండి. మన కేసులో వెళ్లింది అటాచ్‌మెంటు, కాబట్టి మెయిల్ ఒక్కటే దారి.

రెండోది, మేనేజర్‌కి చెప్పడం. టెన్షన్‌లో చాలామంది దీన్ని వాయిదా వేస్తారు. కానీ ఇవి ఇతరుల వివరాలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇలా పొరపాటున బయటపడటాన్ని కూడా డేటా ఉల్లంఘన కిందే లెక్కేస్తుంది. ఆ తర్వాత ఏం చేయాలన్నది సంస్థ తేల్చుకోవాలి, మీరొక్కరే తేల్చుకునేది కాదు.

ఇప్పుడు ఆ కంగారులో చేతికి వచ్చే మెయిల్ చూడండి:

“అర్జెంట్!!! మా 42 మంది స్టాఫ్ జీతాల షీటు పొరపాటున మీకు వచ్చింది. చాలా కాన్ఫిడెన్షియల్. ఓపెన్ చేయకుండా వెంటనే డిలీట్ చేయండి. మీరు చూశారా? ఎవరికైనా చూపిస్తే లీగల్‌గా యాక్షన్ తీసుకోవాల్సి వస్తుంది.”

దీంట్లో దాదాపు ప్రతి వాక్యం పని చెడగొట్టేదే. కుర్చీల వ్యాపారి అప్పటిదాకా ఆ మెయిల్ తెరిచే ఉండకపోవచ్చు. జీతాల షీటు అనగానే ఎవరికైనా ఒకసారి చూడాలనిపిస్తుంది. అంటే ఏముందో మనమే చెప్పి ఆశ పుట్టించాం. “చూశారా?” అనే ప్రశ్న నిలదీసినట్టు ఉంటుంది, పైగా దానికి వచ్చే జవాబుతో మనకు ఒరిగేదేమీ లేదు. ఇక బెదిరింపు. తప్పు మనది. ఆయన తన ఇన్‌బాక్స్ తను చూసుకుంటున్నాడు, అంతే. బెదిరిస్తే ఆయన తన జాగ్రత్త కోసం ఒక కాపీ దాచుకుంటాడు. మనకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

ఇదే విషయాన్ని ఇలా రాయవచ్చు:

“సబ్జెక్టు: ఈ ఉదయం 11:10కి పొరపాటున మీకు వచ్చిన మెయిల్

నమస్కారమండీ.

ఈ ఉదయం 11:10కి నా నుంచి మీకు ‘నవంబర్ షీట్’ అనే మెయిల్ వచ్చి ఉంటుంది. అది వేరొకరికి వెళ్లాల్సింది. అడ్రసు ఎంచుకోవడంలో నా పొరపాటు వల్ల మీకు వచ్చింది.

అందులో మా సంస్థ లోపలి వివరాలు ఉన్నాయి. దయచేసి ఆ మెయిల్‌ని డిలీట్ చేసి, ట్రాష్‌లో నుంచి కూడా తీసేయగలరా? ఫైల్ డౌన్‌లోడ్ అయి ఉంటే దాన్ని కూడా తీసేయండి. ఎవరికైనా ఫార్వర్డ్ అయి ఉంటే చెప్పండి, వాళ్లకి నేనే రాస్తాను.

తీసేశాక ‘తీసేశాను’ అని ఒక్క మాట రిప్లై ఇస్తే చాలు. ఏదైనా అడగాలనిపిస్తే మా ఆఫీసు నంబరుకి ఫోన్ చేయండి. మీకు కలిగిన ఇబ్బందికి మన్నించండి.”

ఏ మెయిలో తేల్చడానికి సమయం, సబ్జెక్టు చాలు. లోపలి సంగతి చెప్పనవసరం లేదు. ‘లోపలి వివరాలు’ అన్నది నిజమే, కానీ ఎవరికీ ఆసక్తి పుట్టించదు. ‘ఫార్వర్డ్ చేశారా’ అనకుండా ‘అయి ఉంటే’ అన్నాం, చేసినవాళ్లు కూడా మొహమాటపడకుండా చెప్పగలరు. ట్రాష్ మాట ఎందుకంటే, జీమెయిల్‌లో డిలీట్ చేసింది 30 రోజులు అక్కడే ఉంటుంది. ఫోన్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ వేరే, అందుకే ఫైల్ గురించి విడిగా అడగాలి. ‘తీసేశాను’ అనే మాట మనమే అందించడం వల్ల ఆయన ఏం రాయాలా అని ఆలోచించాల్సిన పని తప్పుతుంది. అంతకంటే ముఖ్యం, ఆ జవాబు తర్వాత మన దగ్గర రికార్డుగా ఉంటుంది.

మెయిల్ కొత్తగా మొదలుపెట్టండి. పాతది ఫార్వర్డ్ చేసి పైన రెండు ముక్కలు రాస్తే అటాచ్‌మెంటు రెండోసారి వెళ్తుంది. కంగారులో ఇది నిజంగా జరుగుతుంది, పంపే ముందు కిందికి జరిపి చూసుకోండి. ఈ మెయిల్‌లో లింకులు, అటాచ్‌మెంట్లు ఏవీ పెట్టకూడదు. ‘ఇది డిలీట్ చేయండి’ అని వచ్చే మెయిల్‌ని ఈ రోజుల్లో జనం మోసం అనుకుంటారు. అదే అడ్రసు నుంచి పంపి, కింద ఆఫీసు ఫోన్ నంబరు ఇస్తే నమ్ముతారు.

జవాబు రాకపోతే? ఆ మధ్యాహ్నమే ఒకసారి ఫోన్ చేయండి. “ఉదయం ఒక మెయిల్ పొరపాటున మీకు వచ్చిందండీ, ఇప్పుడే ఇంకోటి రాశాను, వీలున్నప్పుడు చూస్తారా?” అంటే సరిపోతుంది. గంటకో మెయిల్ పంపితే ఆ ఫైల్ మీద ఆసక్తి పెరుగుతుంది.

కొంచెం కష్టమైన జవాబు ఒకటుంది: “చూశానండీ, అందరి జీతాలూ ఉన్నాయి కదా, ఏంటిది?” ఇక్కడ వివరణలోకి దిగకండి, అబద్ధం అసలే వద్దు. “అవునండీ, అవి మా ఉద్యోగుల సొంత వివరాలు. అందుకే అడుగుతున్నాను, దయచేసి తీసేసి, చూసింది ఎవరికీ చెప్పకండి. వెంటనే చెప్పినందుకు చాలా థాంక్సండీ.” ఆయన చూశానని నిజం చెప్పాడు, దానికి మనం గౌరవంగానే బదులివ్వాలి. చూశాడన్న సంగతి మేనేజర్‌కి కూడా చెప్పండి, ఎందుకంటే ఆ 42 మందికి ఏం తెలియజేయాలో తేల్చేటప్పుడు సంస్థకి అది తెలిసి ఉండాలి.

‘తీసేశాను’ అన్న జవాబు ఆయన మాట మాత్రమే. దాన్ని సరిచూసుకునే దారి మనకు లేదు. ఆయన కూడా ఆఫీసు మెయిల్ వాడుతుంటే వాళ్ల సర్వర్‌లో, బ్యాకప్‌లో కాపీలు ఉండవచ్చు. అప్పుడు మీ ఐటీ వాళ్లు వాళ్ల ఐటీ వాళ్లతో మాట్లాడాలి. ఫైల్‌కి పాస్‌వర్డ్ పెట్టి, పాస్‌వర్డ్‌ని ఇంకో మెయిల్‌లో పంపే అలవాటుంటే, ఆ రెండో మెయిల్ కూడా అదే తప్పు అడ్రసుకి వెళ్లిందేమో వెంటనే చూడండి.

అభ్యాసం: ఒక స్కూల్ క్లర్క్ ఒక విద్యార్థి మెడికల్ రిపోర్టుని వేరే విద్యార్థి తల్లికి పంపాడు. ఆవిడకి మెయిల్ రాయండి. పిల్లవాడి పేరు, జబ్బు పేరు ఎక్కడా రాకూడదు. ఆవిడ ఫోన్‌లోనే మెయిల్ చూస్తారు, ట్రాష్ ఎక్కడుంటుందో తెలియకపోవచ్చు. ఆ ఒక్క సంగతి ఆవిడని చిన్నబుచ్చకుండా ఎలా చెబుతారో చూడండి. వచ్చే పాఠంలో ఈ మెయిల్‌తోనే మొదలుపెట్టి, అసలు విద్యార్థి తల్లిదండ్రులకి ఏం రాయాలో చూద్దాం.