ఫోటోలోని ముగ్గును పాఠంగా రాయడం – 3వ పాఠం: మెలికల ముగ్గులో గీతలు విడదీయడం

మొదటి రెండు పాఠాల్లో ఫోటోను సాపు చేసుకోవడం, చుక్కలు లెక్కపెట్టడం చూశాం. చుక్కలు కలిపే ముగ్గు అయితే అక్కడికే పని చాలావరకు తేలిపోతుంది. ఏ చుక్క నుంచి ఏ చుక్కకు గీత వెళ్తుందో ఫోటోలోనే కనిపిస్తుంది. మెలికల ముగ్గు సంగతి వేరు. అక్కడ గీత చుక్కను తాకదు, చుక్కల మధ్య నుంచి తిరుగుతుంది. వేసినామె ఎక్కడ మొదలుపెట్టిందో, చెయ్యి ఎటు తిరిగిందో ఫోటో చెప్పదు. ఆ దారిని మనమే వెతికి పట్టుకోవాలి. ఈ పాఠమంతా దాని గురించే.

ఈసారి తీసుకున్న ముగ్గు ప్రొద్దుటూరులో ఒక ఇంటి ముందు కడప బండల మీద వేసినది. నిలబడి, కొంచెం పక్కనుంచి తీసిన ఫోటో. అందుకే అవతలి వరుసలు దగ్గరదగ్గరగా, ఇవతలివి ఎడంగా కనిపిస్తున్నాయి. నల్లబండ మీద తెల్లపిండి బాగా ఎత్తి కనిపిస్తుంది కానీ ఒక ఇబ్బంది ఉంది. బండల మధ్య సిమెంటు అతుకులు కూడా తెల్లగా ఉండి, ఫోటోలో ముగ్గు గీతల్లాగే కనిపిస్తాయి. తేడా ఎలా తెలుస్తుందంటే, అతుకు ముగ్గు అంచు దాటి కూడా అదే వరసలో సాగుతుంది. ముగ్గు గీత ఎప్పుడూ అలా బయటికి పోదు, తిరిగి లోపలికే వస్తుంది. ఆ అతుకులు మనకు ఒక విధంగా పనికొస్తాయి కూడా. ఫోన్‌లో కాగితాలు స్కాన్ చేసే చోట నాలుగు మూలలు లాగి సర్దే వీలుంటుంది. ఆ నాలుగు మూలలను ముగ్గు చుట్టూ ఉన్న బండ మూలలకు ఆనిస్తే వంకర పోయి, పైనుంచి చూసినట్టు చుక్కలు వరుసలో పడతాయి.

సాపు చేశాక లెక్క ఇలా తేలింది: మధ్య వరుస 5, దానికి రెండు వైపులా 3, ఆ తర్వాత 1. సరి చుక్క. మొత్తం 13 చుక్కలు. కాగితం మీద చుక్కలు పెట్టి ప్రతిదానికీ వరుస నంబరు, అందులో ఎన్నో చుక్క అన్నది కలిపి పేరు పెట్టండి. 2-3 అంటే రెండో వరుసలో ఎడమ నుంచి మూడో చుక్క.

```
            1-1
      2-1   2-2   2-3
3-1   3-2   3-3   3-4   3-5
      4-1   4-2   4-3
            5-1
```

ఇక గీత జోలికి పోకుండా ముందు సందులు చూడండి. పక్కపక్కన ఉన్న రెండు చుక్కల మధ్య, పైనా కిందా ఉన్న రెండు చుక్కల మధ్య ఉండే జాగానే సందు అంటున్నాను. ఈ ముగ్గులో అలాంటివి 16. ప్రతి సందులో ఫోటోను పెద్దది చేసి ఒకటే ప్రశ్న వేసుకోవాలి: ఇక్కడ రెండు గీతలు కత్తెర పడ్డాయా, లేక వచ్చి వంగి వెనక్కి తిరిగాయా? కత్తెర అయితే నాలుగు చేతులూ తిన్నగా ఏటవాలుగా ఉంటాయి. వంగి తిరిగితే రెండు వంపులు వీపులు ఆనించినట్టు ఉంటాయి. పిండి మందంగా పడిన చోట రెండూ ఒక మచ్చలా కలిసిపోతాయి, అప్పుడు మచ్చను చూడకండి. దానికి వేలెడు దూరంలో గీత ఎటు వాలి ఉందో చూడండి. మన ముగ్గులో 16 సందులూ కత్తెరలే.

ఏదైనా ఒక్క సందు మాత్రం తేడాగా కనిపిస్తే, ముందు మన చూపునే అనుమానించాలి. ఈ ముగ్గు నాలుగు వైపులా ఒకేలా ఉంది కాబట్టి ఆ సందుకు జోడీ సందులు మిగతా మూడు వైపులా ఉంటాయి. అక్కడ కత్తెర ఉంటే ఇక్కడా కత్తెరే. కాలు పడి చెరిగిన చోటును, నీడ పడిన చోటును ఈ పద్ధతిలోనే పూరించుకోవాలి.

ఇప్పుడు గీత పట్టుకుందాం. నియమం ఒకటే: కత్తెర దగ్గర వంగకూడదు, తిన్నగా దాటిపోవాలి. అవతల చుక్క లేని అంచుకు వచ్చినప్పుడు మాత్రమే చుక్కను చుట్టి లోపలికి తిరగాలి. సందు దాటినప్పుడల్లా కాగితం మీద ఆ సందులో ఒక టిక్కు పెట్టండి.

1-1 తల మీద మొదలుపెట్టి కుడి పక్కగా దిగాను. 1-1, 2-2 మధ్య సందులోంచి గీత ఎడమకు వాలింది. అలాగే తిన్నగా పోతూ 2-1, 2-2 మధ్య దాటింది, 2-1, 3-2 మధ్య దాటింది, 3-1, 3-2 మధ్య దాటింది. అక్కడ అంచు వచ్చింది కాబట్టి 3-1 కింద నుంచి చుట్టి, పైనుంచి మళ్లీ అదే సందులోకి వచ్చింది. ఇదే తీరులో 5-1ను, 3-5ను చుట్టి చివరికి 1-1 ఎడమ పక్కగా ఎక్కి మొదలైన చోటే కలిసింది. గీత మూసుకుంది.

కానీ టిక్కులు చూస్తే పని పూర్తి కాలేదు. 1-1, 3-1, 5-1, 3-5 పక్క సందుల్లో రెండేసి టిక్కులు పడ్డాయి. ఎనిమిది సందుల్లో ఒక్కొక్కటే ఉంది. 3-3 చుట్టూ ఉన్న నాలుగింటిలో అసలు లేవు. కత్తెర అన్నాక రెండు దారులు ఉండాలి, అంటే ప్రతి సందులో రెండు టిక్కులు పడేదాకా ఇంకా గీతలు మిగిలి ఉన్నట్టే. అందుకని ఇంకా ఎవరూ చుట్టని 2-3 తల మీద మళ్లీ మొదలుపెట్టాను. ఈ గీత 2-3, 3-3, 4-1 మూడింటినీ కలిపి ఒక కోలగా చుట్టి మూసుకుంది. 2-1 నుంచి మొదలుపెడితే 3-3, 4-3లతో ఇంకో కోల వచ్చింది. ఇప్పుడు 16 సందుల్లోనూ రెండేసి టిక్కులు ఉన్నాయి. అంటే ఈ ముగ్గులో మూడు గీతలు: నాలుగు మూలల్లో కొక్కేల్లాంటి చుట్లున్న ఒక పెద్ద గీత, మధ్యలో ఒకదాన్నొకటి దాటే రెండు కోలలు.

చూడగానే ఒకే గీత అనిపించే ముగ్గు ఇది. ఏదో ఒక కత్తెరను వంపుగా చదివితే లెక్క తారుమారవుతుంది. ఉదాహరణకు 2-2, 3-3 మధ్య సందులో వంగి తిరిగారనుకోండి, రెండు కోలలూ కలిసిపోయి ఒకే గీత అవుతాయి. టిక్కులు మాత్రం అప్పుడూ సరిగ్గానే పడతాయి! అందుకే టిక్కుల లెక్క ఒక్కటే చాలదు, నాలుగు వైపుల పోలిక కూడా సరిచూడాలి.

దారి దొరికింది. దాన్ని ఉన్నది ఉన్నట్టు రాసి ఇస్తే మాత్రం కొత్తవాళ్లు వెయ్యలేరు. "2-1, 2-2 మధ్య, తర్వాత 2-1, 3-2 మధ్య" అని చదువుకుంటూ పిండి జారవిడవడం ఎవరి వల్లా కాదు. మూడు మార్పులు చెయ్యాలి.

మొదటిది, తిన్నగా పోయే సందులన్నీ కలిపి ఒక్క ఏటవాలు గీతగా చెప్పాలి. రెండోది, కుడి ఎడమలు తగ్గించి లోపల, బయట అని చెప్పాలి. ముగ్గు వేసే మనిషి చుట్టూ తిరుగుతుంది, ఆమె కుడి మారుతూ ఉంటుంది. ఏ చుక్క గీతకు లోపల ఉండాలి, ఏది బయట ఉండాలి అన్నది మాత్రం మారదు. మూడోది వరస. నేను పెద్ద గీతతో వెతకడం మొదలుపెట్టినా, వేయించేటప్పుడు కోలలతో మొదలుపెట్టిస్తాను. చిన్నవి కాబట్టి చెయ్యి కుదురుకుంటుంది. అవి పడ్డాక పెద్ద గీత ఎక్కడ దాటాలో ఆనవాళ్లు కూడా ఉంటాయి.

రాసిన పాఠం ఇది:

చుక్కకూ చుక్కకూ బెత్తెడు దూరం ఉండేలా 1, 3, 5, 3, 1 పెట్టండి.

మొదటి కోల: 2-3 తల మీద మొదలుపెట్టండి. దాని బయటి పక్కగా తిరిగి, 3-4కు తగలకుండా ఏటవాలుగా 4-1 వైపు తిన్నగా గీయండి. 3-3 లోపల ఉండాలి, 3-4, 4-2 బయట ఉండాలి. 4-1ను కింద నుంచి చుట్టి, ఇంకో పక్కన అలాగే తిన్నగా వెనక్కి రండి. 3-2, 2-2 బయట ఉండాలి. మొదలైన చోట కలపండి.

రెండో కోల: 2-1 నుంచి 4-3కు అలాగే. మొదటి కోల మీదుగా దాటండి. 3-3 రెండు కోలల్లోనూ ఉంటుంది.

పెద్ద గీత: 1-1 తల మీద మొదలుపెట్టి కుడి పక్కగా దిగి, 1-1, 2-2 నడుమ ఏటవాలుగా ఎడమకు తిరగండి. 2-2ను లోపల, 2-1ను బయట ఉంచి 3-1, 3-2 నడుమకు తిన్నగా గీయండి. 3-1ను కింద నుంచి పైకి చుట్టి, ఇప్పుడే గీసిన గీతను దాటి ముందుకు పోండి. 4-1ను బయట ఉంచి, 5-1ను కుడి పక్క నుంచి చుట్టండి, మళ్లీ గీతను దాటండి. 4-3ని బయట ఉంచి, 3-5ను పైనుంచి కిందికి చుట్టి దాటండి. 2-3ను బయట ఉంచి, 1-1 కిందనున్న గీతను దాటి, ఎడమ పక్కగా ఎక్కి కలపండి.

ఇందులో "గీతను దాటి ముందుకు" అన్న మాట మొదట రాసినప్పుడు లేదు. మా ఎదురింటి అమ్మాయికి ఫోటో చూపించకుండా, పాఠం చదివి వినిపిస్తూ వేయించాను. కోలలు చక్కగా వచ్చాయి. 3-1ను చుట్టి సందు దాకా వచ్చి చెయ్యి ఆపేసింది. "అక్కా, ఆడ గీత ఉండాది కదా, దాటాల్నా, కలిపేసేదా?" అంది. నిజమే, పాఠంలో అది లేదు. ఆమె ఆగిన చోటల్లా కాగితం మీద గుర్తు పెట్టుకుని, అక్కడ ఒక మాట చేర్చాను. మీరు రాసిన దాన్ని కూడా ఫోటో చూడని మనిషితోనే వేయించండి. చూసిన వాళ్లు పాఠంలో లేనిది కూడా కళ్లతో పూరించేసుకుంటారు, లోపం బయటపడదు.

పూర్తయ్యాక సరిచూసేది ఇలా: ప్రతి చుక్కా తనకంటూ ఒక గదిలో ఒంటరిగా ఉండాలి. ఒకే గదిలో రెండు చుక్కలు కనిపిస్తే వాటి మధ్య కత్తెర పడలేదన్నమాట. వెంటనే ఆ సందు దగ్గరి వాక్యం చూసుకోండి. గదులు ఒకటి ఇరుకుగా, ఒకటి వెడల్పుగా వస్తే వాక్యంలో తప్పేమీ లేదు. గీత సందు నడిమధ్యలో కాకుండా ఒక చుక్క వైపు జరిగింది, అంతే.

అభ్యాసానికి 1, 3, 1 చుక్కల మెలిక తీసుకోండి. అయిదు చుక్కలు, నాలుగు సందులు, నాలుగూ కత్తెరలే. టిక్కులు పెట్టుకుంటూ వెతికితే ఒకే గీతలో మొత్తం పూర్తవుతుంది. మీకు రెండు గీతలు వచ్చాయంటే ఏదో ఒక సందులో తిన్నగా దాటకుండా వంగారు. అది ఏ సందో పట్టుకుని, దారిని నాలుగు వాక్యాల్లోకి కుదించి రాయండి. వచ్చే పాఠంలో సందు చుక్క ముగ్గు తీసుకుందాం. అక్కడ వరుసలు ఒకదాని కింద ఒకటి సరిగా రావు కాబట్టి చుక్కలకు పేర్లు పెట్టే పద్ధతే మారుతుంది.