పాత టేకు టేబుల్‌ను ఆన్‌లైన్‌లో అమ్మి పంపేటప్పుడు వచ్చే సమస్యలు - పరిష్కారాలు

పాత టేకు టేబుల్‌ను సాన పట్టి, కొత్త పాలిష్ వేసి అమ్మేవారికి ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు రవాణాలో బయటపడతాయే కానీ అక్కడ పుట్టవు. వాటి మూలం వర్క్‌షాపులో తీసుకున్న నిర్ణయాల్లోనే ఉంటుంది.

సమస్య: కొరియర్ బిల్లు అంచనాకు మూడు, నాలుగు రెట్లు వచ్చింది

బరువు కంటే స్థలం ఎక్కువ ఆక్రమించే వస్తువుకు కొరియర్ సంస్థలు పరిమాణాన్ని బట్టి బరువు లెక్కగడతాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. ఈ భాజకం సంస్థను బట్టి మారుతుంది కాబట్టి ముందే అడగాలి. అలా వచ్చిన బరువు, అసలు బరువులలో ఏది ఎక్కువైతే దానికే రుసుము పడుతుంది.

ప్యాకింగుతో కలిపి 24 కిలోలు తూగే ఒక టేబుల్‌ను చూద్దాం. కాళ్లతో సహా ప్యాక్ చేస్తే పెట్టె 100 × 55 × 85 సెంటీమీటర్లు అవుతుంది, అంటే లెక్కలో 93.5 కిలోలు. అదే కాళ్లు విప్పితే పైపలక పెట్టె 100 × 55 × 15 (16.5 కిలోలు), కాళ్ల కట్ట 80 × 20 × 20 (6.4 కిలోలు) అవుతాయి. రెండూ కలిపి 23 కిలోలలోపే కనుక, ఇక అసలు బరువుకే డబ్బు కడతాం.

అందుకే దూరం పంపాలనుకునే టేబుల్‌కు మరమ్మతు దశలోనే కాళ్లను జిగురుతో బిగించకుండా, మూలల్లో ఇనుప పట్టీలు పెట్టి బోల్టులతో బిగించడం మంచిది. పాత జాయింట్లు గట్టిగా ఉండి విప్పితే చెక్క చీలిపోయేలా ఉంటే మాత్రం వాటి జోలికి పోకూడదు. అటువంటి వస్తువును ‘స్థానికంగా తీసుకెళ్లేవారికి మాత్రమే’ అని ప్రకటనలో స్పష్టంగా రాయడమే సరైన పని.

సమస్య: పైపలక మీద గుండ్రటి మచ్చలు పడ్డాయి

కొనుగోలుదారు పంపిన ఫొటోలో వరుసగా చిన్న చిన్న వలయాలు కనిపిస్తే అవి దెబ్బలు కావు, బబుల్ ర్యాప్ అచ్చులు. పాలిష్ చేతికి అంటకపోయినంత మాత్రాన లోపల గట్టిపడినట్టు కాదు. అందులో మిగిలిన ద్రావకం ఆవిరయ్యే దారి లేకుండా ప్లాస్టిక్ కప్పేస్తే, లారీలోని వేడికి పూత మెత్తబడి బుడగల ఆకారం దిగిపోతుంది. లక్కతో చేసిన స్పిరిట్ పాలిష్ గట్టిపడ్డాక కూడా వేడికి మెత్తబడుతుంది కనుక దానికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ప్యాక్ చేసే ముందు ఒక పరీక్ష చేయవచ్చు. పైన వేసిన రోజే పలక అడుగున కూడా అదే పాలిష్‌ను కొంచెం వేసి ఉంచాలి. పంపే ముందు రాత్రి పలకను బోర్లించి, అక్కడ బబుల్ ర్యాప్ ముక్క పరిచి, దాని మీద బరువు పెట్టి, ఉదయం చూడాలి. గుర్తు పడినా, ముక్కు దగ్గర పెడితే ఇంకా వాసన వచ్చినా మరికొన్ని రోజులు ఆగాలి. గట్టిపడిన తర్వాత కూడా ముందు మెత్తటి నూలు బట్ట చుట్టి, ఆపైనే బబుల్ ర్యాప్‌ను బుడగలు బయటివైపు ఉండేలా చుట్టాలి.

మచ్చలు ఇప్పటికే పడి ఉంటే, లక్క పాలిష్ అయితే స్పిరిట్‌తో కొద్దిగా తడిపిన బట్ట ఉండతో తేలికగా రుద్దితే చాలాసార్లు సర్దుకుంటుంది. పీయూ, మెలమైన్ పూతలకు ఈ చిట్కా పనిచేయదు. వాటిని సన్నటి ఎమెరీ కాగితంతో సాన పట్టి మళ్లీ పూత వేయాల్సిందే.

సమస్య: మూల విరిగింది, పరిహారం రాలేదు

మూలలకు మందపాటి ఫోమ్, దానిపై గట్టి అట్ట పెట్టకపోవడమే సాధారణంగా మూల విరగడానికి కారణం. పరిహారం దగ్గర మరో చిక్కు ఉంది. రోడ్డు రవాణా సంస్థల బాధ్యతకు 2007 నాటి చట్టం పరిమితి పెట్టింది. బుకింగ్ సమయంలో ఎక్కువ విలువ ప్రకటించి, అందుకు తగిన రుసుము కడితేనే ఆ పరిమితి దాటి అడగగలం. నష్టం జరిగితే బుకింగ్ తేదీ నుంచి 180 రోజులలోపు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. పెట్టె నలిగి కనిపిస్తే డెలివరీ కాగితం మీద ఆ మాట రాశాకే సంతకం చేయమని కొనుగోలుదారుకు ముందే చెప్పండి.

సమస్య: స్థానికంగా తీసుకెళ్లినవారు మర్నాడు గీత పడిందంటున్నారు

బాధ్యత ఎక్కడ చేతులు మారిందో ఎవరూ తేల్చుకోకపోవడమే ఈ గొడవకు కారణం. ఆటో ట్రాలీ ఎక్కించే ముందు కొనుగోలుదారు సమక్షంలోనే నాలుగు వైపులా, అడుగునా వీడియో తీసి, ‘చూసి తీసుకున్నాను’ అని వారి నుంచి సందేశం తీసుకోవాలి. డబ్బు మీ ఖాతాలో జమ అయినట్టు మీ బ్యాంకు యాప్‌లోనే చూసుకోవాలి. అవతలివారి ఫోన్‌లోని స్క్రీన్‌షాట్ చాలదు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టాల్సిన అవసరమే ఉండదు కనుక, ‘అడ్వాన్స్ పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అని ఎవరైనా అంటే ఆ బేరం అక్కడితో ఆపేయండి.