ఒక్క పదంతో వచ్చే మెసేజ్‌కు జవాబు

అనంతపురంలో మాది చిన్న వేరుశనగ వ్యాపారం కావడంతో, రోజూ వాట్సాప్‌లో, వేరుశనగకాయలకు మా వైపు పేరైన "బుడ్డలు" అని ఒక్క పదమే రాసి ఊరుకునేవారు నలుగురైదుగురు ఉంటారు. "ఏం కావాలి?" అని అడిగితే వారు మళ్లీ ఫోన్ చూసేసరికి సాయంత్రమవుతుంది, "చెప్పండి" అంటే "అదే, బుడ్డలు" అని వస్తుంది.

ఇప్పుడు ముందుగా వారితో జరిగిన పాత సంభాషణను పైకి జరిపి చూసి, ఎక్కువగా కుదిరే అర్థానికి ఒక వాక్యంలో జవాబిచ్చి, దాని కిందనే ఒక్క పదంతో తేల్చగలిగే ప్రశ్న ఒకటి పెడుతున్నాను. నిరుడు జూన్‌లో మా వద్ద విత్తనం కొన్న రైతు మొన్న అలాగే రాస్తే, "అన్నా, బుడ్డల మెసేజ్ చూసినాను. విత్తనానికి కదిరి-6 రకం ఉంది. కొనడానికా, అమ్మడానికా?" అని పంపాను. "అమ్మడానికి" అని రెండు నిమిషాల్లో వచ్చింది. నా ఊహ తప్పినా పని ఆగలేదు. రెండు ప్రశ్నలు పెడితే మాత్రం చాలామంది రెండోదానికే జవాబిస్తారు.

ఉత్త "నమస్తే" వస్తే, "నమస్తే అన్నా, సరుకు గురించా, బాకీ గురించా?" అంటే చాలు.

అయితే వేళకాని వేళ "నాన్న" అనో, "ఆసుపత్రి" అనో ఇంటివారి నుంచి వచ్చినప్పుడు ఈ పద్ధతి పనికిరాదు; జవాబు టైప్ చేయకుండా వెంటనే ఫోన్ చేయాలి.