బోరు మోటారు పైకి తీయిస్తున్నారా? ధర ఒప్పుకునే ముందు

గుంటూరులో ఏప్రిల్ రెండో వారం దాటితే బోరు మోటారు మెకానిక్ ఫోను ఎత్తడమే కష్టం. ఎత్తినా, "పొద్దున వస్తానండి" అన్న మనిషి సాయంత్రం వస్తాడు. అప్పటికి పైన ట్యాంకు ఖాళీ, కింద వాటాలో వాళ్ల ముఖాలు చిన్నబోయి ఉంటాయి. ఆ కంగారులో ఎంత చెప్పినా సరే అనేస్తాం. కిందటి వేసవిలో కొరిటెపాడులోని మా ఇంట్లో నేనూ అదే చేయబోయాను.

మాది ఒక హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ మోటారు. 160 అడుగుల లోతున, ఒక్కొక్కటి 20 అడుగులున్న ఎనిమిది ఇనుప పైపుల చివర వేలాడుతోంది. ఆ రోజు స్విచ్ వేయగానే ఎంసీబీ పడిపోయింది. మళ్లీ వేశాం, మళ్లీ పడిపోయింది. మెకానిక్ వచ్చి ప్యానెల్ దగ్గర మోటారు తీగలు విప్పి, మీటరు పెట్టి చూశాడు. "వైండింగ్ కాలిపోయింది సార్. పైకి తీయాలి. మొత్తం పన్నెండు వేలు" అన్నాడు.

పన్నెండు వేలు ఎక్కువా తక్కువా అన్నది ఆ ఒక్క అంకెను చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే ముందు దాన్ని ముక్కలు చేయమని అడిగాను. మోటారు పైకి తీసి మళ్లీ దించడానికి పైపుకు 300 చొప్పున 2,400. వైండింగ్ కట్టడానికి 3,200. కొత్త కేబుల్ 55 మీటర్లు, మీటరు 80 చొప్పున 4,400. అక్కడికి పది వేలు. మిగిలిన రెండు వేలు దేనికని అడిగితే "క్లాంపులు, కప్లింగులు, అవీ ఇవీ" అన్నాడు. ఇవి మా వీధిలో, ఆ వారం చెప్పిన ధరలు. లోతును బట్టి, పైపును బట్టి మీకు వేరుగా ఉంటాయి. కేబుల్ ధర మాత్రం ఎలక్ట్రికల్ షాపుకు ఒక్క ఫోను చేస్తే తెలిసిపోతుంది. పైకి తీసే కూలి ఎంతో ఈమధ్యే మోటారు తీయించిన పక్కింటివాళ్లు చెబుతారు. ఎటూ సరిచూడలేనిది ఆ 'అవీ ఇవీ' ఒక్కటే.

అయితే ధర కన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ప్యానెల్ దగ్గర మీటరు పెట్టినప్పుడు తెలిసేది, కరెంటు ఎక్కడో భూమిలోకి లీకవుతోందన్నంత వరకే. ఆ లీకు మోటారు వైండింగ్‌లో ఉండవచ్చు, దారిలో ఒరుసుకుపోయిన కేబుల్‌లో ఉండవచ్చు, మోటారుకు కాస్త పైన నీళ్లలో మునిగి ఉండే కేబుల్ జాయింటులోనూ ఉండవచ్చు. పైనుంచి చూస్తే మూడింటికీ మీటరు ఒకేలా చూపిస్తుంది. ఖర్చులో మాత్రం చాలా తేడా. జాయింటు మళ్లీ వేయడం వందల్లో తేలే పని, వైండింగ్ వేలల్లో పని. అందుకే మోటారు నేల మీదికి రాకముందే వైండింగ్‌తో కలిపి ధర ఒప్పుకోకూడదు.

నేను బేరాన్ని రెండుగా విడగొట్టాను. ముందు తీసి దించే కూలి ఒక్కటే ఒప్పుకున్నాను. మోటారు పైకి వచ్చాక జాయింటు దగ్గర కోసి, మోటారును విడిగా, కేబుల్‌ను విడిగా నా ఎదుటే మీటరుతో చూడాలని, మిగతా లెక్క ఆ తరువాతేనని చెప్పాను. అతను కాస్త ముఖం ముడుచుకున్నా కాదనలేదు. మోటారు శుభ్రంగా ఉంది, కేబుల్ కూడా బాగుంది. జాయింటు మీద చుట్టిన టేపు ఉబ్బి, లోపల నల్లగా మాడి ఉంది. కొత్త జాయింటుకు సామాను, కూలి కలిపి 600. మొత్తం 3,000తో పని అయిపోయింది. మెకానిక్ మోసం చేశాడని అనను. వైండింగ్ పోవడం ఎక్కువగా చూసినవాడు, అదే అనుకున్నాడు. కానీ ముందే గంపగుత్తగా ఒప్పుకుని ఉంటే, ఆ వైండింగ్ నిజంగా కాలిందో లేదో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

అసలు పైకి తీయవలసిన అవసరమే ఉందా అన్నది ప్యానెల్ బోర్డు మీది రెండు మీటర్లు కొంతవరకు చెబుతాయి. స్విచ్ వేయకముందు వోల్టేజి చూడండి. 220 దరిదాపుల్లో ఉండవలసినది 170కి పడిపోతే మోటారు మూలుగుతుంది తప్ప తిరగదు. వేసవి సాయంత్రాల్లో, వీధిలో ఏసీలన్నీ ఆన్ అయ్యాక ఇలా జరగడం మామూలే. తెల్లవారుజామున ఒకసారి వేసి చూడండి, దానికి ఖర్చేమీ లేదు. వోల్టేజి బాగానే ఉండి, ఆంపియర్ల ముల్లు రివ్వున పైకి లేచి ఓవర్‌లోడ్ పడిపోతుంటే మొదట అనుమానించవలసింది కెపాసిటర్‌ను. అది ప్యానెల్ డబ్బాలోనే ఉంటుంది, కొన్నిసార్లు ఉబ్బినట్టు కంటికే కనిపిస్తుంది. దాన్ని మార్చి చూడకుండా మోటారు పైకి తీయాలంటే ఒప్పుకోకండి. కొత్తది వేసినా అలాగే పడిపోతుంటే మోటారు ఇసుకతో బిగుసుకుపోయిందేమో, అప్పుడు పైకి తీయక తప్పదు. డబ్బా మూత మాత్రం మీరు విప్పవద్దు. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో కొంతసేపు షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

మోటారు తిరుగుతోంది, నీళ్లు పది నిమిషాలు వచ్చి దగ్గుతూ ఆగిపోతున్నాయి, ముల్లు మామూలు కన్నా కిందికి దిగుతోంది అంటే బోరులో నీటిమట్టం పడిపోయిందన్నమాట. రెండు గంటలు ఆపి వేస్తే మళ్లీ పది నిమిషాలు వస్తాయి. దీనికి వైండింగ్ ధర చెప్పేవాడిని నమ్మనక్కరలేదు. బోరులో కింద ఇంకా లోతు ఉంటే ఒక పైపు కలిపి దించితే సరిపోతుంది. అప్పుడు లెక్క పైకి తీసి దించే కూలి, ఒక పైపు, కప్లింగు, అవసరమైతే కాస్త కేబుల్. ఈలోగా నీళ్లు లేకుండా మోటారును తిప్పితే నిజంగానే కాలిపోతుంది.

ఇద్దరు మెకానిక్‌లను అడిగి పోల్చాలంటే ఇద్దరికీ ఒకే వివరాలు చెప్పాలి: ఎన్ని హార్స్‌పవర్, ఎన్ని పైపులు, ఇనుపవా ప్లాస్టిక్‌వా, బోరు దగ్గర స్టాండు నిలబెట్టి చైను కప్పీ వేలాడదీయడానికి చోటుందా. మెట్ల కిందో, రేకుల షెడ్డులోనో ఇరుక్కున్న బోరుకు కూలి ఎక్కువ అడిగితే అది న్యాయమే. వచ్చి చూసినందుకు ఎంత, పని ఇస్తే అందులో తగ్గిస్తారా అన్నది ఫోనులోనే అడిగేయండి.

మరీ తక్కువ చెప్పినా ఆలోచించాలి. పాత ఇనుప పైపులు తుప్పు పట్టి మరలు కొరికేసి ఉంటాయి. ఇద్దరు మనుషులతో, మోటారుకు తాడు కట్టకుండా పని చేస్తే పైపు జారి మోటారు బోరులో పడిపోవచ్చు. పడితే ఒక్కోసారి ఆ బోరునే వదులుకోవలసి వస్తుంది. అందుకే ఎంతమంది వస్తారు, చైను కప్పీ తెస్తారా, మోటారు పడిపోతే ఎవరిది బాధ్యత అని అడగండి. ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పేవాడు 500 ఎక్కువ అడిగినా నేను అతనికే ఇస్తాను.

నిజంగా వైండింగే పోయిందని తేలితే, పాత రాగి తీగ ఎవరికి చెందుతుందో ముందే అనుకోండి. కట్టేవాడు ఉంచుకుంటే ఆ మేరకు కూలి తగ్గాలి. ఎన్ని నెలలకు హామీ ఇస్తాడో బిల్లు మీద రాయించుకోండి.

మా ప్యానెల్ తలుపు లోపలివైపు ఇప్పుడు ఒక కాగితం అంటించి ఉంది. ఎనిమిది పైపులు, ఒక హార్స్‌పవర్, బాగున్నప్పుడు ముల్లు చూపే ఆంపియర్లు, జాయింటు మార్చిన తేదీ. మెకానిక్‌కు ఫోను చేసే ముందు దాన్ని చదువుకుంటాను.