క్యాష్ ఫ్లో టాలీ అయిందని ఫైలు మూసేయకండి

మళ్లీ సవరించి ఇవ్వాల్సి వచ్చే లెక్కల్లో క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ ఎప్పుడూ ముందు వరుసలోనే ఉంటోందని అమెరికా ఎస్ఈసీ చీఫ్ అకౌంటెంట్ 2023 డిసెంబరులో హెచ్చరించారు. 'తప్పు వర్గీకరణలోనే కదా, మొత్తం నగదు మారలేదు కదా' అన్న వాదన చెల్లదని కూడా ఆ హెచ్చరికలో ఉంది. మన ఆడిట్ సీజన్‌లోనూ వినిపించేది ఆ మాటే.

కొంప ముంచేది ఒక్కటే: బ్యాలెన్స్ షీట్ తేడాను అలాగే తెచ్చి వేసేయడం.

ఒక లెక్క చూడండి. స్థిరాస్తుల నికర విలువ 400 లక్షల నుంచి 520 లక్షలకు పెరిగింది. తరుగుదల 60. పుస్తక విలువ 20 ఉన్న యంత్రాన్ని 25కి అమ్మారు. అంటే కొత్తగా చేర్చినవి 120+60+20, మొత్తం 200. ఇన్వెస్టింగ్‌లో 200 చెల్లింపు చూపిస్తారు. కానీ యంత్రాలు సరఫరా చేసినవాళ్లకు ఇవ్వాల్సిన బాకీ 10 నుంచి 50కి పెరిగింది. నిజంగా చెల్లించింది 160 మాత్రమే. మిగతా 40 క్రెడిటర్ల పెరుగుదలలో కలిసిపోయి ఆపరేటింగ్ నగదును ఉబ్బిస్తుంది. కింద మొత్తం మాత్రం చక్కగా టాలీ అవుతుంది! అందుకే టాలీని రుజువుగా తీసుకోకండి.

క్రెడిటర్ల లెడ్జర్‌ను పార్టీలవారీగా విడదీయండి. ఆస్తుల చేర్పుల జాబితాలో మార్చి ఇన్వాయిస్‌లు తీసి, డబ్బు ఎప్పుడు వెళ్లిందో ఏప్రిల్, మే బ్యాంకు స్టేట్‌మెంట్లలో చూడండి. ఏప్రిల్‌లో వెళ్లినది ఈ ఏడాది చెల్లింపు కాదు. యంత్రం అమ్మకంలో వచ్చిన లాభం 5ని ఆపరేటింగ్ నుంచి తీసేసి, మొత్తం 25నూ ఇన్వెస్టింగ్‌లో చూపించారో లేదో కూడా చూడండి.

ఫిక్స్‌డ్ డిపాజిట్ల గడువును డిపాజిట్ చేసిన రోజు నుంచి లెక్కించాలి, మార్చి 31 నుంచి కాదు. ఏడాదికి వేసిన డిపాజిట్ ఏప్రిల్‌లో ముగుస్తున్నా అది నగదు సమానం కాదు.

ఇండ్ ఏఎస్ 7 కింద, ఆర్థిక సంస్థలు కాని కంపెనీల్లో, కట్టిన వడ్డీ ఫైనాన్సింగ్, వచ్చిన వడ్డీ ఇన్వెస్టింగ్. లాభనష్టాల ఖాతాలోని వడ్డీ ఖర్చును అలాగే వేయకండి, బకాయి వడ్డీ తేడా సర్దండి. దీర్ఘకాలిక అప్పులో తీసుకున్నది వేరు, తీర్చినది వేరు, నికరం చేయొద్దు. అప్పు షేర్లుగా మారితే స్టేట్‌మెంట్‌లోకి రానివ్వకండి. ఇంకా తీర్చని విదేశీ అప్పుపై లెక్కల్లో చూపిన మారకం నష్టం చెల్లింపు కాదు, తీసేయండి. 'ఇతరములు' అన్న వరుసకు లెడ్జర్ అడగండి. లెడ్జర్ ఇవ్వలేకపోతే అది టాలీ కోసం పెట్టిన అంకె, ఒప్పుకోకండి. బ్యాలెన్స్ షీట్‌లో ప్రతి వరుస తేడానూ ఆపరేటింగ్, ఇన్వెస్టింగ్, ఫైనాన్సింగ్ భాగాల్లోనో నగదేతరంలోనో ఎక్కడికి వెళ్లిందో వర్కింగ్ పేపర్‌పై రాయించండి. తేడాను నేరుగా తెచ్చి వేసిన వరుస ఒక్కటి కనిపించినా వెనక్కి పంపండి.