చిన్న ఈమెయిల్‌లో 'ఇది', 'అది', 'వారు' అనే మాటల అస్పష్టతను ఎలా సరిచేయాలి?

నాలుగైదు వాక్యాల ఈమెయిల్‌లో అర్థం తప్పిపోయేది చాలాసార్లు సర్వనామాల దగ్గరే. రాసేవారి మనసులో విషయం ముందే ఉంటుంది కాబట్టి 'అది' అనగానే వారికి ఒకే వస్తువు తడుతుంది. చదివేవారికి మాత్రం పై వాక్యంలో ఉన్న వస్తువులన్నీ తడతాయి. ఈ లోపాన్ని సవరించడానికి ఉత్తరమంతా తిరగరాయనక్కరలేదు, చాలా చోట్ల ఒక్క మాట మారిస్తే సరిపోతుంది. ఒక అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి అక్కడి ఫ్లాట్ యజమానులకు ఈ కింది ఉత్తరం రాశారనుకుందాం.

> లిఫ్టు కంపెనీ వారు గురువారం వచ్చి మోటారును, కంట్రోల్ ప్యానెల్‌ను పరీక్షించారు. అది మార్చాలని, 80,000 రూపాయలు అవుతుందని చెప్పారు. దీనికి కమిటీ సభ్యులు ఒప్పుకోలేదు. వారు శనివారం మళ్లీ వస్తారు. పాత బిల్లులు పంపితే నిర్ణయం తీసుకుంటారు.

1. సర్వనామాలను గుర్తించండి. పంపే ముందు ఒకసారి వాటి కోసమే చదవండి. 'ఇది', 'అది', 'వారు' మాత్రమే కాక 'దీనికి', 'దాన్ని', 'అందులో', 'వారితో' వంటి రూపాలను కూడా పట్టుకోవాలి, ఎందుకంటే విభక్తి చేరిన రూపాల మీద చూపు సులభంగా జారిపోతుంది.

2. పేరు పెట్టి చూడండి. సర్వనామం ఉన్న చోట అంతకు ముందు వచ్చిన పేర్లను ఒక్కొక్కటిగా ఉంచి చదవండి. 'మోటారు మార్చాలని' అన్నా, 'ప్యానెల్ మార్చాలని' అన్నా వాక్యం చక్కగానే నిలుస్తోంది కాబట్టి ఇక్కడి 'అది' అస్పష్టం. దగ్గరలో ఉన్న పేరునే చదివేవారు తీసుకుంటారని నమ్మడానికి వీల్లేదు. లిఫ్టు అనగానే మోటారే గుర్తొచ్చేవారు మోటారు అనే అనుకుంటారు, అడగకుండానే మరో మెకానిక్‌ను మోటారు ధర కనుక్కోమంటారు కూడా. ఒక్క పేరు మాత్రమే పొసిగే చోట మార్పు అవసరం లేదు. 'ఇన్వాయిసు జతచేశాను, దానిపై సంతకం చేసి పంపండి' అన్నప్పుడు సంతకం ఇన్వాయిసు మీద తప్ప మరెక్కడా పెట్టలేం. అక్కడ పేరు మళ్లీ రాస్తే వాక్యం బరువెక్కుతుంది.

3. వస్తువును సూచించే 'అది' బదులు ఆ వస్తువు పేరే రాయండి. 'అది మార్చాలని' తీసి 'ప్యానెల్ మార్చాలని' అంటే చాలు.

4. జరిగిన సంగతిని సూచించే 'ఇది' మీద శ్రద్ధ పెట్టండి. అన్నిటిలో కష్టమైనది ఇదే రకం. 'దీనికి ఒప్పుకోలేదు' అనే వాక్యంలో కమిటీ కాదన్నది ప్యానెల్ మార్చడాన్నా, 80,000 రూపాయల ధరనా? మొదటిదైతే లిఫ్టు అలాగే ఉండిపోతుంది, రెండోదైతే బేరం నడుస్తున్నట్టు. 'దీనికి' బదులు 'ఈ ధరకు' అని గాని, 'ఈ మార్పుకు' అని గాని రాస్తే సందేహం పోతుంది. అంటే 'ఈ' తరువాత సరైన నామవాచకం ఒకటి చేర్చాలి. అయితే 'ఈ విషయానికి' అని రాస్తే ప్రయోజనం లేదు. ఆ మాట రెండు అర్థాలకూ సమానంగా సరిపోతుంది కాబట్టి అస్పష్టత చెక్కుచెదరకుండా ఉంటుంది.

5. 'వారు' ఎవరో చెప్పండి. పై వాక్యాల్లో కంపెనీ వారూ ఉన్నారు, కమిటీ సభ్యులూ ఉన్నారు. 'కంపెనీ వారు శనివారం మళ్లీ వస్తారు' అని ఒక్క మాట చేరిస్తే సరిపోతుంది.

6. రాయకుండా వదిలేసిన కర్తను వెతకండి. తెలుగులో కర్త లేకుండానే వాక్యం నడుస్తుంది కాబట్టి కంటికి కనబడని ఈ ఖాళీని చాలామంది దాటిపోతారు. 'పంపితే' అనే క్రియ ఎవరు పంపాలో చెప్పదు. 'తీసుకుంటారు' అనేది 'మీరు'కూ 'వారు'కూ ఒకే రూపం. 'మీరు పాత బిల్లులు పంపితే సభ్యులు నిర్ణయం తీసుకుంటారు' అని రెండు మాటలు చేర్చాలి. 'సభ్యులు' బదులు 'కమిటీ' అని రాస్తే క్రియను 'తీసుకుంటుంది' అని మార్చవలసి వస్తుంది. తొందరలో తప్పేది అక్కడే.

సవరించిన ఉత్తరం ఇలా ఉంటుంది:

> లిఫ్టు కంపెనీ వారు గురువారం వచ్చి మోటారును, కంట్రోల్ ప్యానెల్‌ను పరీక్షించారు. ప్యానెల్ మార్చాలని, 80,000 రూపాయలు అవుతుందని చెప్పారు. ఈ ధరకు కమిటీ సభ్యులు ఒప్పుకోలేదు. కంపెనీ వారు శనివారం మళ్లీ వస్తారు. మీరు పాత బిల్లులు పంపితే సభ్యులు నిర్ణయం తీసుకుంటారు.

7. జవాబుల్లో మొదటి వాక్యాన్ని విడిగా చూడండి. జవాబులోని సర్వనామం అవతలివారి ఉత్తరం మీద ఆధారపడుతుంది. ఫోన్‌లో చదివేవారికి ఆ పాత ఉత్తరం ముడుచుకుపోయి కనబడకపోవచ్చు. 'సమావేశం శనివారం పెట్టాలా, ఆదివారం పెట్టాలా?' అని అడిగినవారికి 'అదే మంచిది' అని రాస్తే వారు మళ్లీ అడగవలసి వస్తుంది. 'ఆదివారమే మంచిది' అని రాయండి.